వివరించండి, అంచనా వేయండి, ఎంతవరకు: ఒకే పాఠం, మూడు జవాబులు



ఈ పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది, ఓపికతో చదవండి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు నుంచి గ్రూప్-1 మెయిన్స్‌కు, డిగ్రీ, పీజీ పరీక్షలకు చదువుతున్నోళ్లం కొంతమందిమి ఆదివారం పూట కూర్చొని చరిత్ర జవాబులు దిద్దుకుంటం. మా చేతికొచ్చే జవాబుల్లో పాఠం రానివి తక్కువే. తేదీలుంటయి, పేర్లుంటయి, చేతిరాత కూడా బాగుంటది. అయినా పది మార్కుల జవాబుకు నాలుగు, నాలుగున్నర దగ్గరే చెయ్యి ఆగిపోతది. ఎందుకని చూస్తే, ప్రశ్న ఒకటి అడిగింది, జవాబు ఇంకొకటి చెప్పింది. ప్రశ్న చివర్లో ఉండే ఆజ్ఞ మాట, అంటే 'వివరించండి', 'అంచనా వేయండి', 'ఎంతవరకు' లాంటిది, ఏం పని చెప్తుందో చూడకుండ అందరూ ఒకే తీరుగ రాస్తున్నరు.

ఈ మాటల అర్థాల పట్టిక రాసిస్తే రెండు రోజుల్లో మర్చిపోతం. అందుకని మనందరికీ తెలిసిన ఒకే పాఠం తీసుకుందాం: కుమ్రం భీం పోరాటం. దాని మీద మేము తయారుచేసుకున్న మూడు ప్రశ్నలు పెడతం. పాఠం మారదు, తేదీలు మారవు. ఆజ్ఞ మాట మారితే జవాబు ఎట్ల మారాలో చూడండి.

ముందు పాఠం, క్లుప్తంగా

అప్పటి హైదరాబాద్ సంస్థానంలో ఆదిలాబాద్ జిల్లా, ఆసిఫాబాద్ ప్రాంతం. గోండులు, కోలాములు తరతరాలుగా అడవిలో పోడు కొట్టుకొని, కొన్నేళ్లకు చోటు మార్చుకుంటూ వ్యవసాయం చేసేవాళ్లు. భూమి వాళ్ల చేతుల్లో ఉండేది కానీ పట్టా కాగితం ఉండేది కాదు. ప్రభుత్వం అడవులను రిజర్వు చేయడం మొదలుపెట్టిన తర్వాత ఆ సాగు నేరమైపోయింది. ఇంకో దిక్కు బయటి నుంచి వచ్చిన రైతులు, వడ్డీ వ్యాపారులు మైదానం భూములకు పట్టాలు చేయించుకున్నరు. కాజీపేట, బల్లార్షా రైలు మార్గం 1920ల చివర్లో పూర్తయినంక ఆ రాకపోకలు ఇంకా పెరిగినయి. అటు అడవిలో నిలవనియ్యరు, ఇటు పొలంలో నిలవనియ్యరు. అటవీ సిబ్బంది మామూళ్లు అడగడం, ఇవ్వకపోతే గుడిసెలు తగలబెట్టడం జరిగింది. గోడు చెప్పుకోవడానికి హైదరాబాద్ దాకా పోయినా పని కాలేదు. చివరికి భీం నాయకత్వంలో జోడేఘాట్ చుట్టుపక్కల గూడేలవాళ్లు ఆయుధం పట్టిన్రు. 1940లో పోలీసు కాల్పుల్లో భీం, ఆయనతో ఉన్న మరికొందరు చనిపోయిన్రు.

చనిపోయిన తేదీ ఒక్కో పుస్తకంలో ఒక్కో తీరుగ ఉంటది. మనోళ్లు ఆశ్వయుజ పౌర్ణమి నాడు వర్ధంతి చేస్తరు. పరీక్షలో 1940 అని రాస్తే సరిపోతది. తేదీ మీద పందెం కాయాల్సిన అవసరం లేదు.

తర్వాత జరిగింది కూడా గుర్తుపెట్టుకోండి, రెండో, మూడో ప్రశ్నలకు అదే కావాలి. నిజాం ప్రభుత్వం ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌తో గోండుల పరిస్థితిని అధ్యయనం చేయించింది. ఆయన సలహాతో 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం వచ్చింది. ఆదిలాబాద్ ఆదివాసీలకు పట్టాలివ్వడం మొదలైంది. ఆ దశాబ్దం చివరికి ఇచ్చిన భూమి లక్ష ఎకరాలు దాటింది. 1356 ఫసలీలో, అంటే 1946లో, గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది.

పాఠం గంతే. ఇగ ప్రశ్నలకు పోదాం.

మొదటి ప్రశ్న: "1940లో జోడేఘాట్ ప్రాంతంలో తిరుగుబాటు ఎందుకు వచ్చిందో వివరించండి."

తెలుగులో చదివేటోళ్లకు ఇక్కడ ఒక చిక్కుంది. ఇంగ్లీషులో 'డిస్క్రైబ్' వేరు, 'ఎక్స్‌ప్లెయిన్' వేరు. మొదటిది ఏం జరిగిందో, ఎట్లుండెనో చెప్పమంటది. రెండోది ఎందుకు జరిగిందో, ఒకటి ఇంకోదానికి ఎట్ల దారితీసిందో చెప్పమంటది. తెలుగు ప్రశ్నపత్రంలో మాత్రం రెంటికీ 'వివరించండి' అనే పడుతుంటది. మన మాటల్లో కూడా 'వివరంగ చెప్పు' అంటే అంతా పూసగుచ్చినట్టు చెప్పమనే. అందుకే 'వివరించండి' చూడంగనే చాలామంది కథ మొదలుపెడతరు: భీం ఎక్కడ పుట్టిండు, తండ్రి ఎట్ల పోయిండు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోయిండు. కథ తప్పేం కాదు, కానీ ఈ ప్రశ్న కథ అడగలేదు.

మరి ఏది అడిగిన్రో ఎట్ల తెలుస్తది? 'వివరించండి' ఒక్కటే కాదు, దాని ముందున్న మాట చూడాలి. 'ఎందుకు', 'కారణాలు', 'ఎలా దారితీసింది' అని ఉంటే అది ఎక్స్‌ప్లెయిన్. 'స్వరూపం', 'లక్షణాలు', 'ప్రధాన ఘట్టాలు' అని ఉంటే డిస్క్రైబ్‌కు దగ్గర. ఇంగ్లీషు, తెలుగు రెండూ అచ్చేసిన ప్రశ్నపత్రమైతే తెలుగులో రాసేవాళ్లు కూడా ఇంగ్లీషు వాక్యంలో ఆ ఒక్క క్రియ ఏముందో చూసుకోవాలి. అర నిమిషం పని.

ఎక్స్‌ప్లెయిన్ జవాబులో అసలు సరుకు కారణాల జాబితా కాదు, కారణాల మధ్య ముడి. ఈ రెండు జవాబులు పోల్చండి.

ఒకటి: "తిరుగుబాటుకు కారణాలు: 1. అటవీ చట్టాలు. 2. వడ్డీ వ్యాపారులు. 3. అధికారుల అవినీతి. 4. పట్టాలు లేకపోవడం."

రెండు: "గోండులు, కోలాములు సాగు చేసే భూమికి పట్టా లేదు. అందువల్ల బయటి నుంచి వచ్చినవాళ్లు పట్టా చేయించుకోగానే మైదానంలో వాళ్ల హక్కు పోయింది. భూమి పోయినవాళ్లు అడవిలోకి జరిగారు. అదే కాలంలో అడవి రిజర్వు కావడంతో అక్కడి సాగు కూడా నేరమైంది. నేరం అన్న పేరు వచ్చాక కింది సిబ్బందికి మామూళ్లు వసూలు చేసే వీలు దొరికింది. విన్నపాలు ఫలించకపోవడంతో చట్టం లోపల మిగిలిన దారి మూసుకుపోయింది. భూమి సమస్య సాయుధ ప్రతిఘటనగా మారింది ఆ దశలోనే."

రెండోదానిలో కొత్త సమాచారం ఏమీ లేదు. మొదటి దాంట్లో ఉన్న నాలుగు అంశాలే ఉన్నయి. కానీ ఒకదాని వెనుక ఇంకొకటి ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. అడవి నుంచి ఒక్కటే వెళ్లగొట్టి ఉంటే మైదానంలో బతికేవాళ్లు, మైదానం ఒక్కటే పోయి ఉంటే అడవిలో బతికేవాళ్లు. రెండు దిక్కులా ఒకేసారి దారి మూసుకుపోవడం వల్లనే పరిస్థితి పేలింది. ఈ మాట మొదటి జవాబు ఎన్నడూ చెప్పలేదు.

మీ జవాబు మీరే పరీక్షించుకునే పద్ధతి ఒకటుంది. రాసినంక పెన్సిల్‌తో 'అందువల్ల', 'దాంతో', 'కావడంతో', 'కాబట్టి' అనే మాటలకు సున్నా చుట్టండి. పేజీలో రెండు, మూడు కూడా దొరకకపోతే మీరు రాసింది జాబితా. ఇంకో పరీక్ష: పాయింట్ల వరుస తారుమారు చేసి చదవండి. ఏ తేడా రాకపోతే ముడి పడలేదన్నట్టే.

రెండో ప్రశ్న: "గోండుల భూమి సమస్యపై 1940 పోరాటం ప్రభావాన్ని అంచనా వేయండి."

ఇంగ్లీషులో ఇది 'అసెస్'. కొన్నిసార్లు 'ఇవాల్యుయేట్' అని ఉండి తెలుగులో 'మూల్యాంకనం చేయండి' అని వస్తది. పని దాదాపు ఒకటే.

ఇక్కడ మాట మనల్ని ఇంకో తీరుగ మోసం చేస్తది. ఊళ్లో 'అంచనా' అంటే ఉజ్జాయింపు. 'ఈసారి ఎకరానికి ఎన్ని బస్తాలు వస్తయని అంచనా?' అని అడుగుతం. చూపుతో చెప్పేది అది. పరీక్షలో అంచనా అట్ల కాదు. కొనుగోలు సెంటర్లో వడ్లకు చేసేది యాదికి తెచ్చుకోండి. కుప్ప చూసి 'మంచిగున్నయి' అంటే తూకం కాదు. తేమ మిషన్ పెడతరు, 17 శాతం దాటిందా అని చూస్తరు, తాలు చూస్తరు, ఆ తర్వాతే తూకం. అంటే కొలత ముందు, మాట తర్వాత. అసెస్ జవాబు కూడా అంతే. దేనితో కొలుస్తున్నమో మొదలే చెప్పాలి.

పై ప్రశ్నకు కొలమానాలు ఏం కావచ్చు? మేము మూడు పెట్టుకున్నం. ఒకటి, భూమి చేతికొచ్చిందా? రెండు, వచ్చిన భూమికి చట్టం రక్షణ దొరికిందా? మూడు, ఆ రక్షణ నిలిచిందా?

ఇప్పుడు పాఠం అదే, కానీ వాడే భాగం మారిపోయింది. భీం బాల్యం అవసరం లేదు. పోడు పద్ధతి మీద ఒక్క వాక్యం చాలు. 1940 తర్వాత కథే ముఖ్యం. మొదటి కొలమానం మీద ఫలితం పెద్దది. అంతకుముందు కాగితమే లేని కుటుంబాలకు పట్టాలు వచ్చినయి, లక్ష ఎకరాలు దాటింది. రెండో కొలమానం మీద కూడా ఫలితం ఉంది. 1946 రెగ్యులేషన్‌తో గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక పాలన అనే ఆలోచన హైదరాబాద్ సంస్థానం చట్టంలోకి వచ్చింది.

మూడో కొలమానం దగ్గర తూకం తేలిపోతది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడినంక 1959లో షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదలాయింపు రెగ్యులేషన్ చేసిన్రు. దాన్ని తెలంగాణకు వర్తింపజేసింది 1963లో. అందులో సందులున్నయని 1970లో మళ్లీ సవరించాల్సి వచ్చింది. మనం 1/70 అని పిలిచేది దాన్నే. రక్షణ గట్టిగా నిలబడి ఉంటే మళ్లీ మళ్లీ చట్టం ఎందుకు? 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో మళ్లీ గోండుల మీద కాల్పులు జరిగినయంటే, వాటి వెనుక కూడా భూమి పోవడమే పెద్ద కారణం. హైమన్‌డార్ఫ్ కూడా దశాబ్దాల తర్వాత తిరిగి వచ్చి చూసి, అప్పుడు ఇచ్చిన భూములు ఎట్ల చేజారినయో తన 1982 పుస్తకంలో రాసిండు.

ఇవన్నీ కొలిచినంక ముగింపు ఇట్ల వస్తది: "భూమిని చేతికి తేవడంలో 1940 పోరాటం ప్రభావం గణనీయం. గిరిజన భూమికి ప్రత్యేక రక్షణ కావాలన్న సూత్రం ప్రభుత్వ విధానంలోకి రావడానికీ అది తోడ్పడింది. ఆ రక్షణను నిలబెట్టే యంత్రాంగం మాత్రం బలపడలేదు. కాబట్టి దాని ప్రభావం లోతైనదే కానీ పూర్తిది కాదు."

అసెస్‌లో ఎక్కువగా కనబడే లోపం పొగడ్త. 'ఆదివాసీల చరిత్రలో చిరస్మరణీయం', 'సువర్ణాక్షరాలతో లిఖించదగినది' అని రాస్తరు. ఆ వాక్యాన్ని రాంజీ గోండు జవాబులో పెట్టినా సరిపోతది, బిర్సా ముండా జవాబులో పెట్టినా సరిపోతది. ఎక్కడైనా అతికే వాక్యం ఏదీ కొలవలేదన్నట్టే. గట్లాంటి వాక్యం కనబడితే కొట్టేసి, ఆ చోట ఒక కొలమానం, దానికి ఒక ఆధారం పెట్టండి.

మూడో ప్రశ్న: "1940 తర్వాత నిజాం ప్రభుత్వం గిరిజన విధానాన్ని మార్చుకోవడానికి కుమ్రం భీం పోరాటం ఎంతవరకు కారణం?"

ఇంగ్లీషులో 'టు వాట్ ఎక్స్‌టెంట్'. కొన్నిచోట్ల 'హౌ ఫార్' అని ఉంటది. మూడింట్లో కష్టమైనది ఇదే. మనలాంటి వాళ్లకు ఇంకా కష్టం, దాని సంగతి కింద చెప్తం.

ఈ ప్రశ్నలో ఒక వాదన ముందే దాగి ఉంది: 'విధానం మారడానికి భీం పోరాటమే కారణం'. పరీక్షకుడు ఆ వాదన నిజమా అబద్ధమా అని అడగట్లేదు. ఎంత పాలు నిజం అని అడుగుతున్నడు. అంటే మూడు పనులు చేయాలి. ఆ వాదనకు ఉన్న బలం చూపాలి. దానికి బయట పనిచేసిన వేరే కారణాలు చూపాలి. ఆ తర్వాత రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏ కారణం ఏ పని చేసిందో తేల్చాలి. మూడో పని చేయకపోతే మొదటి రెండూ దండగ.

బలం సంగతి చూద్దాం. కాలక్రమం మనవైపే ఉంది. 1940లో తిరుగుబాటు, ఆ వెంటనే అధ్యయనం, 1943లో మార్లవాయి, తర్వాత పట్టాలు, 1946లో రెగ్యులేషన్. పైగా అధ్యయనం జరిగింది కూడా గోండుల ప్రాంతంలోనే, తిరుగుబాటుకు మూలమైన భూమి, అడవి సమస్యల మీదే. వేరే రాష్ట్రాల అనుభవం కూడా తోడొస్తది. ఛోటానాగపూర్‌లో బిర్సా ముండా ఉద్యమం తర్వాత 1908లో కౌలు చట్టం వచ్చి ముండాల భూములకు రక్షణ ఇచ్చింది. తిరుగుబాటు తర్వాత ప్రభుత్వాలు దిగొచ్చుడు కొత్త కాదు.

మరి బయటి కారణాలు? ఒకటి, హైమన్‌డార్ఫ్ హైదరాబాద్ సంస్థానంలో పని మొదలుపెట్టింది గోండులతో కాదు. 1940లో నల్లమల చెంచుల మధ్య మొదలుపెట్టిండు. తర్వాత కొండరెడ్ల దగ్గరికి పోయిండు. ఆ ప్రాంతాల మీద కూడా నివేదికలిచ్చిండు. అక్కడ జోడేఘాట్ లాంటి తిరుగుబాటు లేదు. అంటే గిరిజనుల మీద ప్రభుత్వ దృష్టి కొంత వేరే దారిలో కూడా వస్తున్నది. రెండు, ఆ ఏళ్లలో నిజాం ప్రభుత్వంలో రెవెన్యూ వ్యవహారాలు చూసిన గ్రిగ్‌సన్ అనే ఆంగ్లేయ అధికారి అంతకుముందు బస్తర్‌లో పనిచేసి, అక్కడి మరియా గోండుల మీద పుస్తకం రాసినవాడు. పై కుర్చీలో గిరిజనుల సంగతి తెలిసిన మనిషి ఉండడం వల్ల నివేదిక బీరువాలో మూలపడకుండ అమలు దాకా పోయింది.

ఇగ తేల్చుడు. చాలామంది ఇక్కడికొచ్చి 'భీం పోరాటంతో పాటు ఇతర కారణాలు కూడా ఉన్నాయి' అని రాసి పెన్ను మూసేస్తరు. అది తీర్పు కాదు, తప్పించుకునుడు. పంచాయితీలో పెద్దమనిషి రెండు దిక్కులా విని 'ఇద్దరి మాటా నిజమే' అని లేచిపోతే ఊరు ఒప్పుకుంటదా? ఎవరిది ఎంత అని చెప్పాలి. మేము ఇట్ల తేల్చినం:

"ప్రభుత్వం గిరిజనుల గురించి ఆలోచించడానికి భీం పోరాటం ఒక్కటే కారణం కాదు, చెంచుల మధ్య అధ్యయనం దానికి సాక్ష్యం. కానీ ఆదిలాబాద్‌లో భూమి ప్రశ్నను అత్యవసరం చేసింది ఆ పోరాటమే. చెంచుల విషయంలో లేని ఒత్తిడి, పెద్ద ఎత్తున పట్టాలివ్వాల్సిన ఒత్తిడి, గోండుల విషయంలో కనబడటానికి మూలం అక్కడుంది. అమలు జరగడానికి మాత్రం అధికారుల పాత్ర ముఖ్యం. కాబట్టి మార్పు ఎందుకు మొదలైంది అన్నదానికి పోరాటం ప్రధాన కారణం, మార్పు ఏ రూపం తీసుకుంది అన్నదానికి అది పాక్షిక కారణం."

చివరి వాక్యం చూడండి. 'ప్రధాన', 'పాక్షిక' అనే కొలత మాటలున్నయి. ఏ విషయంలో ప్రధానం, ఏ విషయంలో పాక్షికం అని విడదీసి చెప్పింది. ఎంతవరకు అన్న ప్రశ్నకు జవాబులో ఇట్లాంటి మాటలు తప్పకుండా ఉండాలి. అవి మొదటి వాక్యంలోనే చూచాయగా పడితే ఇంకా మంచిది. అప్పుడు మధ్యలో రాసే ప్రతి పేరా ఆ తీర్పు దిక్కే నడుస్తది.

మీరు ఇంకో తీర్పు ఇవ్వచ్చు. 'రూపం మీద కూడా పోరాటానిదే పైచేయి' అని మీకు అనిపిస్తే అదే వాదించండి. మార్కు తీర్పుకు కాదు, తీర్పుకు దారితీసిన తూకానికి. ఆధారం ఉంటే రెండూ నిలబడతయి.

మనకు ఎందుకు కష్టం

ఈ మూడో ప్రశ్న చూసి మా దగ్గర ఒక తమ్ముడు గట్టిగనే అన్నడు: "అన్నా, గీ ప్రశ్ననే మనల్ని కించపరుస్తుంది. ప్రాణమిచ్చినాయన గురించి 'ఎంతవరకు' అని అడుగుడేంది? మొత్తం ఆయన వల్లనే అని రాస్త, ఎన్నన్న ఇయ్యని."

ఆ కోపం మాకు అర్థమైతది. మన చరిత్ర పాఠాల్లోకి వచ్చిందే ఈమధ్య. వచ్చీ రాంగనే దాన్ని తూకం వేయమంటే ఎవరికైనా మండుతది. అయితే ఒక అక్క ఇచ్చిన జవాబు మా అందరికీ నచ్చింది: "తమ్మీ, మొత్తం ఆయన వల్లనే అని రాస్తే, 1946 తర్వాత భూములు మళ్లీ పోయినయి కదా, అది ఎవరి వల్ల అని రాస్తవ్? ఆయన లెక్కల వేస్తవా?"

ఆలోచిస్తే అసలు విషయం అదే. అన్నిటికీ ఒక్క మనిషినే కారణం చేస్తే, ఆ తర్వాత జరిగిన నష్టానికి బాధ్యులు కనబడకుండ పోతరు. అధికారులు ఏం చేసిన్రు, చట్టంలో సందు ఎక్కడుంది, పట్టా ఎట్ల చేజారింది అన్నవన్నీ పొగడ్త కింద కప్పుకుపోతయి. 'ఎంతవరకు' అని విడదీసి చూస్తేనే భీం చేసింది ఎంత పెద్ద పనో తేలుతది, ఆయన తర్వాత ప్రభుత్వాలు చేయనిది ఏందో కూడా తేలుతది. తమ్ముడు మళ్లీ రాసిన జవాబులో కోపం పోలేదు, కానీ ఈసారి ఆ కోపానికి ఆధారాలు తోడైనయి.

'విమర్శనాత్మకంగా పరిశీలించండి' దగ్గర కూడా ఇదే తంటా. మన వాడుకలో విమర్శ అంటే తిట్టుడు, తప్పులు ఏరుడు. పరీక్షలో మాత్రం ఒక వాదన ఆధారం మీద నిలబడుతుందా లేదా అని తట్టి చూడడం. తట్టినంక నిలబడితే నిలబడిందనే రాయాలి. 'చర్చించండి' అంటే ఒకటికి మించిన కోణాలు చూపించి, చివర ఒక మాట చెప్పడం. ఈ రెండూ పై మూడింటి బంధువులే, కాబట్టి విడిగా సాగదీయట్లేదు.

పరీక్ష హాల్లో టైం

గ్రూప్-1 మెయిన్స్‌లో పేపర్ 150 మార్కులకు, టైం మూడు గంటలు. అంటే పది మార్కులకు 12 నిమిషాలు. అందులో మొదటి నిమిషంన్నర రాయకుండ ప్రశ్న మీద పెట్టండి. ఆజ్ఞ మాట కింద ఒక గీత, విషయం కింద ఒక గీత, హద్దు కింద ఒక గీత గీయండి. హద్దు అంటే సంవత్సరం, ప్రాంతం, సమూహం. మన మూడో ప్రశ్నలో ఆజ్ఞ 'ఎంతవరకు', విషయం 'విధానం మార్పుకు కారణం', హద్దు '1940 తర్వాత, నిజాం ప్రభుత్వం'. హద్దు చూసుకుంటే ఇంద్రవెల్లి ఈ జవాబులోకి రాదని తెలిసిపోతది. రెండో ప్రశ్నలో అదే ఇంద్రవెల్లి కీలకమైంది, గుర్తుందా? ఒకే సంఘటన ఒక జవాబులో ప్రాణం, ఇంకో జవాబులో బరువు.

రాసుడు అయిపోయినంక ఇంట్లో చేసే పరీక్ష ఒకటుంది. ప్రశ్నను మూసేసి జవాబు ఒక్కటే దోస్తుకు ఇవ్వండి. "దీనికి ప్రశ్న ఏమై ఉంటది?" అని అడగండి. ఆజ్ఞ మాటతో సహా చెప్పగలిగితే జవాబు సరైన దారిలో ఉన్నట్టు. "కుమ్రం భీం గురించి రాయండి అని ఉండొచ్చు" అన్నడంటే మళ్లీ రాయాల్సిందే.

ఒక్క హెచ్చరిక. ఇదంతా పెద్ద జవాబుల సంగతి. రెండు మార్కుల చిన్న ప్రశ్నలో 'వివరించండి' అని ఉన్నా రెండు, మూడు వాక్యాలే రాయాలి. అక్కడ తూకాలు, తీర్పులు పెడితే టైం పోతది. మార్కులు ఎన్నో చూసి, దాన్ని బట్టి లోతు నిర్ణయించుకోండి.

ఈసారి మన ఊరి పాఠం

గ్రూప్-1 సిలబస్‌లో తెలంగాణ ఉద్యమం పేపర్ తీసి చూస్తే జగిత్యాల, సిరిసిల్ల భూస్వామ్య వ్యతిరేక పోరాటాలు, రైతుకూలీ సంఘాలు కనబడతయి. ఆ పక్కనే ఆదివాసీల భూములు అన్యాక్రాంతం కావడం గురించి కూడా ఉంటది. రెండూ మన పాఠాలే. అందుకని ఈ వారం సాధనకు ఇక్కడి మూడు ప్రశ్నలు ఇస్తున్నం.

ఒకటి: 1970ల చివర్లో జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో రైతుకూలీ సంఘాలు ఎందుకు బలపడ్డాయో వివరించండి.

రెండు: 1978 జగిత్యాల జైత్రయాత్ర ప్రాధాన్యాన్ని అంచనా వేయండి.

మూడు: ఈ ప్రాంత పల్లెల్లో వెట్టి తగ్గిపోవడానికి రైతుకూలీ సంఘాల పోరాటం ఎంతవరకు కారణం?

మొదటిదానికి వెట్టి, జీతగాళ్ల పరిస్థితి, దొరల చేతిలో భూమి, 1977లో ఎమర్జెన్సీ ముగియడం: ఇవి ఒకదానితో ఒకటి ఎట్ల ముడిపడినయో చూడండి. రెండోదానికి కొలమానాలు మీరే ఎంచుకోండి. 1978 సెప్టెంబర్‌లో జైత్రయాత్ర జరిగితే, అక్టోబర్‌లోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఇది ప్రాధాన్యానికి సాక్ష్యమా, పోరాటానికి పడ్డ అడ్డుకట్టా, లేక రెండూనా అన్నది ఆలోచించండి. మూడోదానికి 1976 వెట్టిచాకిరి రద్దు చట్టాన్ని, గల్ఫ్ వలసలను మర్చిపోవద్దు. బొంబాయి మీదుగా దుబాయ్ పోయిన మనిషి పంపిన పైసలు వచ్చినంక ఆ ఇంటివాళ్లు దొర గడీ ముందు నిలబడే తీరు మారిందా? మారితే ఎప్పుడు, సంఘం రాకముందా, వచ్చినంకనా? ఇంట్లో తాత, అమ్మమ్మ ఉంటే అడిగి రాయండి. అది కూడా ఆధారమే. ఎవరు చెప్పిన్రు, ఏ ఊరు, ఏ కాలం అని మాత్రం పక్కన రాసుకోండి.

మూడు ప్రశ్నల్లో ఏదో ఒకటి చాలు, పన్నెండు నిమిషాల్లో చేత్తో రాసి ఫొటో తీసి ఈ పోస్టు కింద పెట్టండి. ప్రశ్న నంబర్ మాత్రం రాయకండి. మీ జవాబు చదివి అది ఏ ప్రశ్నకో మేము చెప్తం.